బెండకాయ జిగురు: అపోహలు - వాస్తవాలు

కడపలో మా మెస్సులో వారానికి రెండు రోజులు బెండకాయ వేపుడు ఉంటుంది. వంటింట్లో పనికి కొత్తగా చేరేవాళ్లు అన్నం వార్చడం రాకపోయినా బెండకాయ జిగురుకు మాత్రం తలా ఒక చిట్కా వెంటబెట్టుకుని వస్తారు. వాటిలో సగం జిగురును పెంచేవే.

అపోహ: ముక్కలు కోశాక కడిగితే జిగురు నీళ్లతో పోతుంది.

నిరుడు చేరిన ఒక కుర్రాడు ఐదు కిలోల కాయలు ముందు రోజు రాత్రే కోసిపెట్టి, పొద్దున్నే గంగాళంలో వేసి జాడించాడు. "జిగురంతా కడిగేశానక్కా" అన్నాడు గర్వంగా. గంగాళంలో చేయి పెట్టి ఎత్తితే నీళ్లు గంజిలా సాగాయి. ముక్కలు మాత్రం ముందుకన్నా ఎక్కువగా జారుతున్నాయి. ఆ రోజు వేపుడు మానుకుని పులుసు పెట్టాం.

వాస్తవం: జిగురు కాయలోపల కణాల్లో ఉంటుంది. కత్తి పడినచోట బయటికొస్తుంది, నీళ్లు తగిలితే పీల్చుకుని ఉబ్బుతుంది. ఎంత కడిగినా కోసిన మొహం నుంచి ఇంకా ఊరుతూనే ఉంటుంది. అందుకే కడగడమన్నది కాయ నిండుగా ఉన్నప్పుడే, తొడిమ కూడా తీయకముందే అయిపోవాలి. తర్వాత పాత నూలు చీర మీద కాయలను ఒకదానికొకటి తగలకుండా పరిచి, ఫ్యాను కింద ఆరనివ్వండి. మా ఊరి ఎండాకాలంలో అరగంట చాలు, ముసురు పట్టిన రోజుల్లో రెండు గంటలైనా చాలదు. కాయ ఒళ్లు చూసి ఆరిందనుకోవద్దు. తొడిమ దగ్గరి మడతలోనూ, కాయ మీది గాడుల్లోనూ నీరు దాక్కుంటుంది. అక్కడ పొడిగుడ్డ అద్ది చూడండి. ఫ్రిజ్ లోంచి తీసిన కాయకైతే చల్లదనానికి చెమట పడుతుంది కాబట్టి కాసేపు బయట ఉంచి మళ్లీ తుడవాలి.

ఇక కోత. పొయ్యి మీద నూనె పెట్టబోయే ముందే కత్తి పట్టాలి. వేలి కణుపులో సగమంత ముక్కలు చాలు. మరీ సన్నగా తరిగితే కోసిన మొహాలు ఎక్కువై, జిగురూ అంతకంత బయటపడుతుంది. కత్తికి తీగలు చుట్టుకుంటే పొడిగుడ్డతో తుడవండి, కొళాయి కింద పెట్టొద్దు.

అపోహ: మూత పెట్టి సన్నసెగన మగ్గిస్తే జిగురు చచ్చిపోతుంది.

వాస్తవం: మూతకు పట్టిన ఆవిరి నీరై తిరిగి ముక్కల మీదే పడుతుంది. మనం గంటసేపు ఆరబెట్టిన శ్రమ అంతా అక్కడే పోతుంది. అరకిలో కాయలకు వెడల్పాటి బాణలి, నాలుగు పెద్ద చెంచాల వేరుశనగ నూనె తీసుకోండి. ఆవాలు చిటపటమన్నాక పెద్ద మంట మీద ముక్కలను ఒక్క వరుసగా పరవండి. చోటు చాలకపోతే రెండు వాయిలుగా వేయండి. గుట్టగా పోస్తే నూనె సెగ చల్లారి, వేగాల్సినవి ఉడుకుతాయి. చెవి పెట్టి వింటే తేడా తెలుస్తుంది: వేగేటప్పుడు చురచుర గట్టిగా వినిపిస్తుంది, ఉడికేటప్పుడు బుడగల గుడగుడే. మొదటి మూడు నిమిషాలు గరిటె పెట్టకండి. తర్వాత కూడా అప్పుడప్పుడు అడుగునుంచి తిరగేస్తే చాలు. ఉప్పు ముందే వేస్తే ముక్క నీరు వదులుతుంది కనుక దాన్నీ చివరికే ఉంచండి.

అపోహ: పులుపు రుచికే, ఎప్పుడు వేసినా ఒకటే.

వాస్తవం: పులుపు తగిలితే జిగురు చిక్కదనం తగ్గి తీగలు తెగుతాయి. అయితే అదే పులుపు ముక్కను త్వరగా మెత్తబడనివ్వదు. మొదట్లోనే వేస్తే ముక్క గట్టిగా మిగిలిపోతుంది, ఆకుపచ్చ రంగూ మాడిపోయి గోధుమలోకి తిరుగుతుంది. పది నిమిషాలు వేగాక ఒక ముక్కను గరిటెతో నొక్కితే అణగాలి. అప్పటికీ గరిటెకూ ముక్కకూ మధ్య సన్నని తీగ కనిపిస్తుంటే, రెండు చిన్న చెంచాల చిక్కని చింతపండు గుజ్జు బాణలి అంచుల వెంబడి వేసి, ఒక నిమిషం పెద్ద మంట మీదే తిప్పండి. పలుచని రసం పోస్తే మళ్లీ నీళ్లు చేర్చినట్టే. నాది ఇనుప బాణలి కాబట్టి అందులో చింతపండు వేయను. ముక్కలు నల్లబడి ఇనుప వాసన వస్తుంది. దించి పళ్లెంలోకి తీశాక నిమ్మరసం పిండుతాను. అయితే నిమ్మకాయ పని సగమే. పొయ్యి మీద తీగలు బాగా తగ్గి ఉంటేనే సరిపోతుంది.

తర్వాత ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి, వేయించిన వేరుశనగ పొడి. ఈ పొడి మిగిలిన చెమ్మను కాస్త పీల్చుకుంటుంది. అయితే జిగురు తేలిన వేపుడును బాగుచేయడానికని గుప్పెడు పోస్తే ముద్దవుతుంది.

జిగురంటే భయపడాల్సింది వేపుడులోనే. పులుసుకు చిక్కదనం ఇచ్చేది అదే, అక్కడ తీసేయాలనుకోవడం నాకైతే అర్థం కాదు. ముదురు కాయలను మాత్రం దేనికీ తీసుకోను. తోక విరిస్తే టక్కున తెగాలి. వంగి నార తేలితే ఏ చిట్కా పనిచేయదు.

క్యారియర్‌లో పెట్టేవాళ్లు వేపుడును పళ్లెంలో పరిచి చల్లార్చాకే మూత బిగించండి. వేడిమీద పెడితే మధ్యాహ్నానికి అడుగు ముక్కలు చెమ్మకు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి.