భోగాపురంలో రెండు శంకుస్థాపనలు

విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయానికి రెండుసార్లు శంకుస్థాపన జరిగింది. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబునాయుడు, 2023 మేలో జగన్మోహన్ రెడ్డి చేశారు. సైకిల్ గుర్తుకు ఓటేసే మా పెదనాన్న దృష్టిలో మొదటిదే అసలు పునాది. ఫ్యాను గుర్తుకు ఓటేసే మా బావ దాన్ని ఎన్నికల ముందు హడావుడి అంటాడు. ఇద్దరూ చదివేది ఒకే పత్రిక.

పార్టీ అభిమానం మేనిఫెస్టోలు బేరీజు వేసుకుంటే పుట్టేది కాదని, చాలావరకు ఇంట్లోనే అబ్బుతుందని 1960లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రాశారు. అదొక తెరలా పనిచేస్తుందని, వార్త దానిగుండానే మనిషిని చేరుతుందని అన్నారు. ‘మాది ఫలానా పార్టీ ఇల్లు’ అని చెప్పుకునే మన ఊళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు.

మరి చదువుకున్నవాళ్ల మాట? 1979లో స్టాన్‌ఫర్డ్‌లో ఉరిశిక్షను సమర్థించే, వ్యతిరేకించే విద్యార్థులను 48 మందిని కూర్చోబెట్టి, రెండు కల్పిత అధ్యయనాలు చదివించారు. ఒకటి ఉరిశిక్షతో హత్యలు తగ్గాయంటుంది, రెండోది తగ్గలేదంటుంది. తమకు నచ్చిన ఫలితాన్ని వాళ్లు ఇట్టే ఒప్పుకున్నారు. నచ్చనిదాంట్లో మాత్రం పద్ధతి లోపాలు వెతికారు. అదే పద్ధతి తమవైపు ఫలితమిస్తే మెచ్చుకున్నారు. రెండు వైపుల ఆధారాలూ చదివాక దగ్గరపడాల్సింది పోయి, మరింత దూరమయ్యామని వాళ్లే చెప్పారు. అంటే బుర్ర పనిచేయక కాదు, ఒకవైపే పదునుగా పనిచేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

మా ఇంట్లోనూ అంతే. ‘నిర్మాణ సంస్థతో ఒప్పందం కుదిరిందే 2020 జూన్‌లో, 2019లో రాయి ఎలా వేశారు?’ అంటాడు బావ. సరైన ప్రశ్నే. ‘ఒప్పందమయ్యాక రాయి వేయడానికి మూడేళ్లు ఎందుకు పట్టింది?’ అంటారు పెదనాన్న. అదీ సరైనదే. ఎవరూ తమ రాయిని మాత్రం ప్రశ్నించరు.

శిక్షణ ఇస్తే మారతారా? 2019 ఎన్నికల సమయంలో బిహార్‌లోని గయలో ఇంటింటికీ వెళ్లి, నకిలీ వార్తను ఎలా గుర్తించాలో గంటసేపు నేర్పారు. మొత్తం మీద ఫలితం కనిపించలేదు. పైగా శిక్షణ పొందిన బీజేపీ అభిమానులు తమ పార్టీకి అనుకూలమైన అబద్ధాలను పట్టుకోవడంలో ఇంకా వెనకబడ్డారు.

అలాగని అందరూ నిజంగానే అలా నమ్ముతున్నారని చెప్పలేం. సరైన జవాబుకు కొద్దిపాటి డబ్బు ఇస్తామంటే పార్టీల మధ్య తేడా బాగా తగ్గిందని 2015లో అమెరికాలో వచ్చిన పరిశోధనలు చూపించాయి. కొన్ని జవాబులు నమ్మకాలు కావు, జెండా ఊపడమే.

మొన్న పండక్కి నేనూ ఒక పందెం పెట్టాను. రెండు శంకుస్థాపనల నెల, సంవత్సరం తప్పు చెప్పినవాళ్లు అందరికీ టీ పోయించాలి. ఇద్దరూ తడుముకోకుండా రెండూ సరిగ్గా చెప్పారు. టీ డబ్బులు నేనే ఇచ్చాను.