ఐదు సవర్ల లెక్క: విదేశాల నుంచి తెచ్చే బంగారం మీద కస్టమ్స్ పరిమితి ఎలా మారింది

సింగపూర్, దుబాయ్, కువైట్‌ల నుంచి ఊరికి వచ్చే నెల్లూరు, తిరుపతి, చిత్తూరు జనంలో చాలామంది చెన్నైలోనే దిగుతారు. మీనంబాకం ఎయిర్‌పోర్టులో సూట్‌కేసులు చేతికి వచ్చాక అందరికీ ఒకటే టెన్షన్: గ్రీన్ చానల్లోంచి నేరుగా వెళ్లిపోవచ్చా, రెడ్ చానల్లోకి వెళ్లి చెప్పాలా? చాక్లెట్లు, సెంటు సీసాల గురించి ఎవరికీ పెద్దగా భయం ఉండదు. అడిగేదంతా మెడలో గొలుసు, హ్యాండ్‌బ్యాగులో గాజుల గురించే.

2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త బ్యాగేజీ నియమాల ప్రకారం, ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగొచ్చే మహిళ 40 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అలాగే ఏడాది దాటి వచ్చే మిగతావారికి 20 గ్రాములు. మన లెక్కలో ఐదు సవర్లు, రెండున్నర సవర్లు. వాటి విలువ ఎంతైనా ఫర్వాలేదు. చూడటానికి మామూలు మాటే గానీ, ఇక్కడికి రావడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి చాలాకాలం మన దేశంలోకి బంగారం రావడమే ప్రభుత్వానికి ఇష్టం లేదు. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం 1990లో రద్దయ్యింది. 1992 బడ్జెట్‌లో, విదేశాల నుంచి వచ్చే భారతీయులు సుంకం కట్టి 5 కిలోల వరకు తెచ్చుకోవచ్చన్నారు. ఇది సుంకం కట్టి తెచ్చే బంగారం సంగతి. సుంకం లేకుండా తెచ్చే నగలకు వేరే లెక్క ఉండేది. ఆ లెక్కను గ్రాముల్లో కాకుండా రూపాయల్లో పెట్టడంతోనే చిక్కు మొదలైంది.

మగవారికి రూ.10,000, ఆడవారికి రూ.20,000. ఈ పరిమితిని 1991లో పెట్టారు. అప్పుడు పది గ్రాములు దాదాపు రూ.3,500. అంటే ఒక మహిళ ఏడు సవర్ల దాకా తెచ్చుకోవచ్చు. అది చిన్న మొత్తం కాదు, ఒక హారం, రెండు గాజులు వచ్చేస్తాయి. తరువాత ధర పెరుగుతూ పోయింది, పరిమితి మాత్రం కదల్లేదు. 2012 నాటికి పది గ్రాములు రూ.30,000 అయ్యేసరికి అదే రూ.20,000కు ఒక సవర కూడా రాలేదు. మగవారికైతే అర సవర లోపే. నియమం మారకుండానే దాని అర్థం మారిపోయింది. గల్ఫ్‌లో కష్టపడి చెల్లెలి పెళ్లికి నాలుగు సవర్ల గొలుసు తెచ్చుకున్నవాడు కూడా కాగితం మీద తప్పు చేసినట్టే లెక్క.

2013 బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం, ఈ పరిమితిని 1991 తరువాత మార్చలేదని ఒప్పుకుంటూ దాన్ని మగవారికి రూ.50,000, ఆడవారికి రూ.1,00,000 చేశారు. ఆనాటి ధరకు అది సుమారు రెండు సవర్లు, నాలుగు సవర్లు. అయినా లెక్క రూపాయల్లోనే ఉండిపోయింది.

2016 నియమాల్లో మొదటిసారి గ్రాములు కనిపించాయి: 20, 40. అయితే పక్కనే పాత రూపాయల పరిమితినీ ఉంచారు. రెండింటిలో ఏది ముందు దాటితే అదే వర్తిస్తుంది. నియమం వచ్చిన రోజుల్లోనే 20 గ్రాముల ధర రూ.50,000 దాటేది. కాబట్టి గ్రాముల మాట మొదటి నుంచీ అలంకారమే అనిపిస్తుంది నాకు. 2025లో పది గ్రాములు లక్ష దాటాక, ఆడవారికి ఇచ్చిన లక్ష రూపాయలకు పది గ్రాములు కూడా రాలేదు.

ఇదంతా కోర్టుల దాకా వెళ్లింది. చెన్నై ఎయిర్‌పోర్టులో ఒక శ్రీలంక మహిళ తాళి గొలుసును అధికారులు తీసుకున్న కేసులో 2025లో మద్రాసు హైకోర్టు, ఒంటి మీద వేసుకున్న నగలను బ్యాగేజీగా లెక్కించడాన్ని తప్పుపట్టింది. నేటి ధరలకు ఈ పరిమితులు సరిపోవని, నియమాలను మళ్లీ చూడాలని ఢిల్లీ హైకోర్టు కూడా ఆ రోజుల్లోనే అంది. చివరికి 2026లో రూపాయల పరిమితి పోయి గ్రాములు మాత్రమే మిగిలాయి. దానితోపాటు బహుమతులు, వస్తువులకు ఇచ్చే మామూలు మినహాయింపు రూ.50,000 నుంచి రూ.75,000 అయింది. ఇది నగల మినహాయింపుకు వేరు. ఒకరి మినహాయింపును ఇంకొకరి దానితో కలిపి వాడుకోవడం కుదరదు, భార్యాభర్తలైనా సరే.

తేడా ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. మూడేళ్లు సింగపూర్‌లో ఉద్యోగం చేసి చెన్నైలో దిగిన ఒకావిడ దగ్గర ఆరు సవర్ల కొత్త నగలున్నాయి, అంటే 48 గ్రాములు. లెక్క తేలికగా ఉండటానికి గ్రాము రూ.10,000 అనుకుందాం, మొత్తం రూ.4,80,000. పాత నియమంలో లక్ష పోగా రూ.3,80,000 మీద సుంకం పడేది. కొత్త నియమంలో 40 గ్రాములు పోగా మిగిలింది ఒక సవర, రూ.80,000. ఆరు నెలలకు పైగా విదేశంలో ఉన్నవారికి బంగారం మీద రాయితీ సుంకం ఉంటుంది. 2024 జూలైలో తగ్గించిన 6 శాతం రేటు వేస్తే రూ.4,800. దాన్ని విదేశీ కరెన్సీలో కట్టాలి. రాళ్లు, ముత్యాలు పొదిగిన నగలకు ఈ రాయితీ లేదు.

ఇక కూతురి పురుడుకు వెళ్లి నాలుగు నెలలుండి వచ్చే తల్లి సంగతి చూడండి. కూతురు ముచ్చటపడి సింగపూర్ లిటిల్ ఇండియాలో మూడు సవర్ల గొలుసు కొనిచ్చింది. 40 గ్రాముల లోపే కదా అని ఆమె గ్రీన్ చానల్లోకి నడుస్తుంది. కానీ ఏడాది పూర్తి కాలేదు కాబట్టి ఆమెకు నగల మినహాయింపే లేదు. ఆరు నెలలు కూడా నిండలేదు కాబట్టి రాయితీ సుంకం కూడా వర్తించదు. ఇలాంటివారికి చాలాకాలంగా పడుతున్న బ్యాగేజీ రేటు 38.5 శాతం. అది కూడా ముందే చెప్పి కడితే. చెప్పకుండా వెళ్తూ పట్టుబడితే గొలుసు జప్తు అవుతుంది, విడిపించుకోవాలంటే జరిమానా అదనం. ధర పెరిగిన సంగతిని 2026 నియమం పట్టించుకుంది గానీ, ఏడాది పాటు విదేశంలో ఉండాలన్న షరతును మాత్రం ముట్టుకోలేదు. నన్నడిగితే మన ఇళ్లలో ఎక్కువ మందికి ఇబ్బంది అక్కడే.

నాణేలు, బిస్కెట్లు నగల మినహాయింపులోకి రావు. అక్షయ తృతీయకని కొన్న ఒక గ్రాము కాసుకైనా సుంకం ఉంటుంది.

ఆ తల్లి ఇక్కడి నుంచి వేసుకెళ్లిన పాత నగలది వేరే దారి. వాటికి సుంకం లేదు, అయితే అవి ఇక్కడివేనని చూపించగలగాలి. అందుకే వెళ్లే రోజునే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వారి దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవచ్చు. నగలను, వాటి బిల్లులను గానీ విలువ కట్టించిన కాగితాన్ని గానీ చూపిస్తే వివరాలు రాసి ఇస్తారు. చెకిన్ లగేజీలో వేసేస్తే చూపించడానికి ఉండదు కాబట్టి నగలు చేతి సంచిలోనే ఉంచుకుని, ఒక గంట ముందుగా వెళ్లాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ కాగితం రెడ్ చానల్లో చూపించాలి.