బీట్‌రూట్ ఆకు, ముల్లంగి ఆకు: పారేసే ముందు ఒక్క మాట

విజయనగరం రైతుబజారులో దుంపలు కొంటే, అడగకముందే ఆకు విరిచి పక్కన పడేస్తారు. అది ఆవుల పాలవుతుంది. డైటీషియన్‌గా నా దగ్గరికొచ్చే వాళ్లూ "ఆ ఆకు తింటారా మేడమ్?" అనే అడుగుతారు.

అపోహ: ముల్లంగి ఆకుకి నూగుంటుంది, తినే ఆకు కాదు.

తినే ఆకే. ముల్లంగిది ఆవాల కుటుంబం, ఆ కాస్త ఘాటు అక్కడిదే. నూగు ఉడకగానే మెత్తబడిపోతుంది. లేత ఆకు ఏరుకోండి; పూత కొమ్మ లేచిన మొక్క ఆకు ముదిరి చేదెక్కుతుంది. సన్నగా తరిగి, పోపులో మగ్గించి, పెసరపప్పుతో కలిపితే పప్పు. మన వైపు అలవాటైన ఆవ పెట్టిన కూరకీ బాగుంటుంది.

అపోహ: బలమంతా దుంపలోనే ఉంది.

దుంప మొక్క దాచుకున్న తిండి, ఆకు దాన్ని తయారుచేసే చోటు. అందుకే రెండింటిలో ఉండేవి వేరు. 100 గ్రాముల పచ్చి బీట్‌రూట్ దుంపలో కాల్షియం సుమారు 16 మిల్లీగ్రాములు, ఆకులో 117. విటమిన్ ఎ, కె దుంపలో దాదాపు లేవు, ఆకులో దండిగా ఉన్నాయి. ఫోలేట్ మాత్రం దుంపలోనే చాలా ఎక్కువ. కాబట్టి ఆకు దొరికిందని దుంప మానక్కర్లేదు.

అపోహ: కాల్షియం కోసం ఏ ఆకైనా ఒకటే.

పాలు పడని ఒకావిడ కాల్షియం కోసమని మూడు నెలలు రోజూ బీట్‌రూట్ ఆకు వేపుడు తిన్నారు. అంకె చూస్తే మంచి ఎంపికే. కానీ బీట్‌రూట్ పాలకూర కుటుంబానిది, దాని ఆకులో ఆక్సలేట్ ఎక్కువ. అది కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. పాలకూరలోని కాల్షియంలో మనకు పట్టేది 5 శాతమే. బీట్‌రూట్ ఆకునూ ఆ లెక్కలోనే చూడాలి. పైగా ఆవిడకి ఇంతకుముందు కిడ్నీలో ఆక్సలేట్ రాయి వచ్చింది. ఆవిడ చేత వేపుడు మాన్పించి, వారంలో మూడు నాలుగు రోజులు ముల్లంగి ఆకు పప్పు పెట్టించాను. ముల్లంగి ఆకులో ఆక్సలేట్ తక్కువ, కాబట్టి ఉన్న కాల్షియం చాలావరకు అక్కరకొస్తుంది.

రాళ్ల బాధ లేనివాళ్లు బీట్‌రూట్ ఆకు వారానికి ఒకటి రెండుసార్లు నిశ్చింతగా తినొచ్చు. ఎక్కువ నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు వంపేసి, ఆకును గట్టిగా పిండి, తర్వాత వండండి. ఆక్సలేట్ కొంత నీళ్లతో పోతుంది. విటమిన్ సి కూడా కొంత పోతుంది, అది తప్పదు. వేపుడులో ఆక్సలేట్ పోయే దారే లేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు, విటమిన్ కె వల్ల, ఈ ఆకుల వాడకాన్ని డాక్టరుతో మాట్లాడకుండా ఒక్కసారిగా పెంచొద్దు.

ఇంటికి రాగానే ఆకును దుంప నుంచి వేరు చేయండి. కలిపి ఉంచితే దుంపలోని తేమను ఆకు లాగేసి, రెండు రోజుల్లో ముల్లంగి మెత్తబడి వంగుతుంది. ఆకును తడి ఆరనిచ్చి, గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లోపు వండేయండి.