ప్రశ్న లేని జ్యామితి బొమ్మ: అపోహలు - వాస్తవాలు

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే నా ఫోన్ నిండా బొమ్మలే. ఓ వృత్తం, రెండు మూడు గీతలు, నాలుగు అక్షరాలు. ప్రశ్న మాత్రం ఉండదు. ఫొటో తీసేటప్పుడు కింది లైన్లు తెగిపోయి ఉంటాయి, లేదా పిల్లలు బోర్డు మీంచి బొమ్మ ఒక్కటే దించుకుని ఉంటారు. పక్కన "సార్, ఆన్సర్ ఎంతండీ?" అని మెసేజ్. ఆ "ఎంత" దగ్గరే గొడవంతా.

అపోహ: బొమ్మ ఇచ్చారంటే ఏదో ఒక సంఖ్య జవాబుగా రావాల్సిందే.

అందరికీ తెలిసిన బొమ్మే తీసుకుందాం. O కేంద్రంగా ఒక వృత్తం, బయట P అనే బిందువు, దాని నుంచి PA, PB స్పర్శరేఖలు. OA, OB, OP కలిపి ఉన్నాయి. కొలతలేమీ లేవు.

రఫ్ పేపర్ మీద P ని ఇంకాస్త దూరం జరిపి ఇదే బొమ్మ మళ్లీ గీయండి. ∠APB తగ్గింది, ∠AOB పెరిగింది, PA పొడవూ పెరిగింది. మన ఇష్టం వచ్చినట్టు మారిపోయే వాటిని "కనుగొనండి" అని ఎవరూ అడగలేరు. మారనివి ఏమిటో చూడండి: PA = PB, ∠APB + ∠AOB = 180°. కాబట్టి అది "నిరూపించండి" ప్రశ్న. OP బదులు AB జ్యా కలిపి ఉంటే, అడిగింది దాదాపుగా ∠APB = 2∠OAB అయి ఉంటుంది. PA = PB కాబట్టి ∠PAB = 90° − ½∠APB. OA, PA లంబంగా ఉంటాయి కాబట్టి మిగిలిన ∠OAB = ½∠APB. అంతే.

ఇప్పుడు అదే బొమ్మలో ∠APB = 80° అని రాసి ఉందనుకోండి. కోణాలన్నీ బిగుసుకుంటాయి: ∠AOB = 100°, ∠POA = 50°. పొడవులు మాత్రం ఇంకా తేలవు, వృత్తం ఎంత పెద్దదైనా కావచ్చు. అంటే అడిగింది కోణమే. కోణం బదులు OA = 5 సెం.మీ., OP = 13 సెం.మీ. అని ఉంటే పైథాగరస్‌తో PA = 12 లెక్కించమని. 13 స్థానంలో 10 ఉంటే ప్రశ్న తయారుచేసినవాళ్ల మనసులో కోణం ఉన్నట్టే: OP వ్యాసార్థానికి రెట్టింపు, కాబట్టి ∠POA = 60°. స్పర్శరేఖలకీ చాపానికీ మధ్య షేడ్ కూడా చేసి ఉంటే వైశాల్యం అడిగారు: OAPB చతుర్భుజ వైశాల్యం 25√3 నుంచి 120° సెక్టార్ తీసేస్తే సుమారు 17.1 చ.సెం.మీ.

ఒక అమ్మాయి కొలతల్లేని బొమ్మకి పేజీ నిండా ముచ్చటగా లెక్క చేసి పంపింది. మొదటి లైను ∠APB = 60°. ఎక్కడిదమ్మా ఈ అరవై అంటే, "సమబాహు త్రిభుజంలాగే ఉంది కదా సార్" అంది. తెలివైన పిల్లే. సంఖ్య రాకపోతే లెక్క పూర్తి కాలేదన్న టెన్షన్ అలా చేయించింది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. రెండు వృత్తాలు C దగ్గర బయటి వైపు తాకుతూ, వాటికి AB అనే ఉమ్మడి స్పర్శరేఖ C గుండా పోకుండా ఉంటే, కొలత ఒక్కటీ లేకపోయినా ∠ACB = 90° వస్తుంది. వృత్తాల సైజులు మార్చి గీసినా అది కదలదు. అంటే ఇక్కడా జరిపి చూడడమే పరీక్ష.

అపోహ: ఫొటో జూమ్ చేసి కోణమానిని పెడితే తెలిసిపోతుంది.

ఫోన్ కాస్త వంచి తీస్తే చాలు, వృత్తం కోడిగుడ్డు అవుతుంది, లంబకోణం లంబకోణంలా ఉండదు, మధ్యబిందువు మధ్యలో కనిపించదు. నమ్మదగినవి ఇవే: ఏ గీత ఏ బిందువు గుండా పోతోంది, ఏది వృత్తాన్ని తాకుతోంది, ఏది కోస్తోంది. సమానం, లంబం అన్నవి గుర్తు వేసి ఉంటేనే లెక్కలోకి తీసుకోండి.

అపోహ: ఈ బొమ్మ గ్రూపులో వచ్చిందంటే పరీక్షలో గ్యారంటీ.

ప్రశ్నే లేని బొమ్మకి గ్యారంటీ ఏమిటండీ! వదిలేయండి.

అపోహ: అనుభవం ఉన్న టీచరైతే బొమ్మ చూసి ప్రశ్న చెప్పేస్తారు.

OA = 5 ఒక్కటే ఉండి ఇంకేమీ లేకపోతే ఎవరూ చెప్పలేరు. అందులో PA తేలదు, కోణమూ తేలదు. ఏదో తెగిపోయిందని అర్థం, పేజీ మొత్తం మళ్లీ ఫొటో తీసి పంపమనడమే. కొలతలు ఎక్కువైనా అనుమానించాలి. OA = 5, ∠APB = 60° ఉన్న చోట OP 10 మాత్రమే అవుతుంది. అక్కడ మీకు 13 కనిపిస్తోందంటే, లెక్క మొదలుపెట్టే ముందు నోట్సు తెచ్చి ఆ అంకె మళ్లీ చదవండి.