కొత్త కారా, పాత కారా: ఐదేళ్ల లెక్కలో అపోహలు - వాస్తవాలు

కొనేవారి తరఫున సెకండ్ హ్యాండ్ కార్లను తనిఖీ చేసి నివేదిక ఇవ్వడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది కారు ధరను చూసి నిర్ణయానికి వచ్చేస్తారు, ఆ తరువాతి ఐదేళ్ల ఖర్చును లెక్క వేయరు. అందుకే ఇక్కడ ఒకే ఉదాహరణను చివరిదాకా తీసుకువెళతాను. హైదరాబాద్‌లో ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబం ఒకటి 1200 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొనాలనుకుంటోంది. కొత్తది ఆన్ రోడ్ 8 లక్షలు. అదే మోడల్, నాలుగేళ్ల కిందటిది, 40,000 కిలోమీటర్లు తిరిగినది 4.40 లక్షలకు దొరుకుతోంది. ఇవి ఉదాహరణకు అనుకున్న ధరలు. మీరు చూస్తున్న మోడల్ ధరలతో ఇదే లెక్క వేసుకోవచ్చు.

అపోహ: పాత కారు సగం ధరకు వస్తుంది కాబట్టి ఖర్చు కూడా సగమే అవుతుంది.

వాస్తవం: కొన్న ధరలోంచి, ఐదేళ్ల తరువాత అమ్మితే వచ్చే ధరను తీసేస్తే మిగిలేదే తరుగు, అంటే నిజంగా చేయి జారిపోయే డబ్బు. కొత్త కారు ఎక్స్ షోరూమ్ ధర 6.60 లక్షలైతే దాని మీద 14 శాతం లైఫ్ ట్యాక్స్ 92 వేల పైమాటే. దానికి తొలి ఏడాది బీమా, రిజిస్ట్రేషన్ తదితర ఖర్చులు కలిసి 8 లక్షలవుతుంది. ఐదేళ్ల తరువాత వచ్చే కొనుగోలుదారు ఈ పన్నులను విడిగా లెక్కగట్టి మీకు తిరిగి ఇవ్వడు. ఆ కారు అప్పుడు 4 లక్షలకు పోతే తరుగు 4 లక్షలు. పాత కారుకు తొమ్మిదేళ్లు నిండాక 2 లక్షలు వస్తే దాని తరుగు 2.40 లక్షలే. పాత కారుకు ఉన్న అసలు బలం ఈ 1.60 లక్షల తేడాలోనే ఉంది.

అయితే మిగతా పద్దులు ఇందులో చాలా భాగాన్ని తినేస్తాయి. వివరాలు కింద ఇస్తాను కానీ మొత్తాలు ముందే చెబుతాను. కొత్త కారుకు తరుగు 4 లక్షలు, రెండో ఏడాది నుంచి బీమా 50 వేలు, మెయింటెనెన్స్ 50 వేలు, పెట్రోలు 2.97 లక్షలు, వెరసి 7.97 లక్షలు. పాత కారుకు తరుగు 2.40 లక్షలు, బీమా 45 వేలు, మెయింటెనెన్స్ 1.10 లక్షలు, పెట్రోలు 3.34 లక్షలు, పేరు మార్పిడి ఖర్చు 5 వేలు, వెరసి 7.34 లక్షలు. అంటే ఐదేళ్లకు మిగిలేది 63 వేలు, నెలకు వెయ్యి రూపాయలకు కాస్త ఎక్కువ. ఇదే పాత కారుకు అమ్మేవారు 5 లక్షలు అడిగితే ఆ మిగులు దాదాపు పూర్తిగా పోతుంది.

అప్పు తీసుకుంటే ఇంకో సంగతి కూడా చూడాలి. పాత కార్ల రుణాలకు వడ్డీ రేటు సాధారణంగా ఎక్కువ. కొత్త కారుకు 6 లక్షలు 9 శాతానికి, పాత కారుకు 3.50 లక్షలు 14 శాతానికి, రెండూ ఐదేళ్లకు తీసుకుంటే వడ్డీ మొదటిదానికి సుమారు 1.47 లక్షలు, రెండోదానికి 1.39 లక్షలు అవుతుంది. అప్పు మొత్తం దాదాపు సగానికి తగ్గినా వడ్డీ మాత్రం దాదాపు అంతే ఉంది.

ధర బేరమాడేటప్పుడు అమ్మేవారు తాము కొన్ననాటి బిల్లు చూపిస్తారు. దానిని పక్కన పెట్టండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు 28 శాతం, దానిపై సెస్ ఉండేది. కాబట్టి అదే మోడల్ ఈ రోజు షోరూమ్‌లో ఎంతకు దొరుకుతుందో దానితోనే పోల్చాలి.

అపోహ: పాత కారు మైలేజీ ఇవ్వదు, మిగిలిందంతా పెట్రోలుకే పోతుంది.

వాస్తవం: పై లెక్కలో కొత్త కారుకు లీటరుకు 18, పాత కారుకు 16 కిలోమీటర్లు వేశాను, పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకున్నాను. 50,000 కిలోమీటర్లకు తేడా 37 వేలు. సర్వీసు సరిగా జరిగిన నాలుగేళ్ల కారుకు ఇంత తేడా కూడా రాకపోవచ్చు. వస్తే ముందుగా టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, ఆక్సిజన్ సెన్సర్ చూపించాలి.

అపోహ: పాత కారుకు బీమా చవక, పైగా పాత యజమాని పాలసీ, నో క్లెయిమ్ బోనస్ మనకే వస్తాయి.

వాస్తవం: బీమాలో రెండు భాగాలున్నాయి. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది, కారు వయసుతో తగ్గదు. 2022లో నోటిఫై చేసిన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ కార్లకు అది ఏడాదికి 3,416 రూపాయలు, దానిపై జీఎస్టీ అదనం. ఓన్ డ్యామేజ్ ప్రీమియం మాత్రం కారు బీమా విలువ, అంటే ఐడీవీ తగ్గేకొద్దీ తగ్గుతుంది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా కొన్నప్పుడే కట్టేస్తారు కాబట్టి తరువాతి ఏళ్లలో రెండు కార్ల బీమా ఖర్చు మనం ఊహించినంత దూరంగా ఉండదు.

నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో దొరికే రాయితీ, కారుకు కాదు, యజమానికి చెందుతుంది. అమ్మినవారు దానిని తమ తరువాతి కారుకు తీసుకుపోతారు. మీరు సున్నా నుంచి మొదలుపెట్టాలి, నడుస్తున్న పాలసీని మీ పేరుకు మార్చినప్పుడు మిగిలిన కాలానికి ఆ రాయితీ మొత్తాన్ని కంపెనీకి కట్టాలి. ఇంతకంటే ముఖ్యమైనది 14 రోజుల గడువు. కారు చేతులు మారిన 14 రోజుల్లోపు పాలసీ బదిలీకి దరఖాస్తు చేయకపోతే, థర్డ్ పార్టీ రక్షణ కొనసాగినా, మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. ఆర్‌సీ మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవారి సంతకాలు డబ్బు ఇచ్చే రోజునే తీసుకోవాలి. కారు మీద రుణం ఉండి తీరిపోయి ఉంటే, బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 కూడా అదే రోజు తీసుకోవాలి.

ఇంకొకటి. జీరో డిప్రీసియేషన్ కవర్ ఐదేళ్లు దాటిన కార్లకు అన్ని కంపెనీలూ ఇవ్వవు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం మీరే భరించాలి. బంపర్ 12,000 అయితే అందులో 6,000 మీ జేబులోంచే పోతాయి.

అపోహ: మీటర్ తక్కువ చూపిస్తే మెయింటెనెన్స్ కూడా తక్కువే ఉంటుంది.

వాస్తవం: డిజిటల్ మీటర్‌ను వెనక్కి తిప్పడం కష్టమైన పని కాదు. కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరుతో అధీకృత సర్వీస్ సెంటర్‌లో సర్వీస్ చరిత్ర అడగండి, ప్రతి సందర్శనలో నమోదైన కిలోమీటర్లను వరుసగా చూడండి. చరిత్ర దొరకకపోతే టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైనదని. 2021 నాటి కారుకు 2024 టైర్లు ఉండి మీటరు 25,000 చూపిస్తుంటే, మొదటి టైర్లు అంత త్వరగా ఎందుకు మార్చారో అమ్మేవారు వివరించగలగాలి. అరిగిన పెడల్ రబ్బరు, నున్నబడిన స్టీరింగ్ కూడా మీటరు చెప్పని సంగతి చెబుతాయి.

పాత కారుకు నేను వేసిన 1.10 లక్షల్లో మామూలు సర్వీసులకు 45 వేలు, టైర్లకు 20 వేలు, బ్యాటరీకి 6 వేలు, క్లచ్‌కు 14 వేలు, సస్పెన్షన్‌కు 15 వేలు, ఏసీ తదితరాలకు 10 వేలు ఉన్నాయి. ఇవి 40,000 నుంచి 90,000 కిలోమీటర్ల మధ్య ఎలాగూ ఎదురయ్యే ఖర్చులు. టైర్లు, క్లచ్ కొనేనాటికే అరిగి ఉంటే ఆ మేరకు ధర తగ్గించమని అడగడం న్యాయమే.

ఈ లెక్కలో ఎక్కడా పట్టనిది వరదలో మునిగిన కారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. శుభ్రంగా కడిగి అమ్మకానికి పెట్టిన కారు పైకి కొత్తదానిలా కనిపిస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద చార కనిపించవచ్చు. సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ ఎత్తితే ముక్క వాసన, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలో ఒండ్రు ఉన్నాయేమో చూడాలి. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ధర ఎంత తగ్గించినా నేను కొనవద్దనే రాస్తాను, ఎందుకంటే వైరింగ్ కనెక్టర్లకు పట్టిన తుప్పు నెలల తరువాత ఒక్కో సెన్సర్‌నూ పాడుచేస్తూ పోతుంది, ఆ మరమ్మతుకు ముందుగా ఇంత అని ఏ మెకానిక్కూ చెప్పలేడు.