పెండింగ్ పోయిందంటే డబ్బు వాపసు వచ్చినట్టేనా? కార్డు లావాదేవీలపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని ఒక క్రెడిట్ యూనియన్‌లో, అంటే సహకార బ్యాంకులాంటి సంస్థలో, కార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. సోమ, మంగళవారాల్లో మాకు వచ్చే ఫోన్లలో చాలా భాగం ఒకే సందేహం చుట్టూ తిరుగుతాయి. శుక్రవారం ఉన్న నిల్వ శనివారానికి ఎందుకు తగ్గింది, ఎవరూ డబ్బు వేయకుండానే సోమవారం రాత్రికి ఎందుకు పెరిగింది, మంగళవారం మళ్ళీ ఎందుకు తగ్గింది అని అడుగుతారు. తెలుగు రాష్ట్రాల నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడ మొదటిసారి చెకింగ్ ఖాతా, అంటే రోజువారీ ఖర్చులకు వాడే ఖాతా, తెరిచిన విద్యార్థులు ఈ విషయంలో మరింత కంగారు పడతారు. కొత్త ఖాతాలో నిల్వ తక్కువగా ఉంటుంది కాబట్టి పది డాలర్ల తేడా కూడా వారికి పెద్దదే. అందుకే అమెరికాలోని డెబిట్ కార్డునే ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను. క్రెడిట్ కార్డులోనూ పద్ధతి ఇదే, కాకపోతే అక్కడ తగ్గి పెరిగేది మీ డబ్బు కాదు, మీ పరిమితి.

అపోహ: కార్డు పెట్టగానే డబ్బు నా ఖాతా నుంచి దుకాణదారుకు చేరిపోతుంది.

పిన్ నొక్కకుండా కార్డు వాడినప్పుడు ఆ క్షణంలో ఒక్క రూపాయి, ఒక్క సెంటు కూడా కదలదు. దుకాణంలోని యంత్రం కార్డు నెట్‌వర్క్ ద్వారా మీ బ్యాంకును ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ కార్డు చెల్లుతుందా, ఇంత మొత్తానికి ఈ ఖాతాలో నిల్వ ఉందా? బ్యాంకు సరేనని జవాబిస్తే దానిని ఆథరైజేషన్ అంటారు. జవాబిచ్చిన వెంటనే బ్యాంకు ఆ మొత్తాన్ని మీరు మరొకచోట ఖర్చు పెట్టకుండా పక్కన పెడుతుంది. ఇలా పక్కన పెట్టడాన్నే మేము హోల్డ్ అంటాం. మీ ఫోన్‌లోని యాప్ దానిని పెండింగ్ అన్న పేరుతో చూపిస్తుంది. అంటే ఆథరైజ్డ్, పెండింగ్ అన్నవి రెండు వేర్వేరు దశలు కావు. బ్యాంకు ఇచ్చిన అనుమతి మొదటిది, ఆ అనుమతి మీకు తెరమీద కనిపించే రూపం రెండవది.

అసలు వసూలు తరువాత జరుగుతుంది. దుకాణదారు ఆ రోజు జరిగిన అమ్మకాలన్నింటినీ సాధారణంగా రాత్రి ఒక బ్యాచ్‌గా తన బ్యాంకుకు పంపుతాడు. అది నెట్‌వర్క్ మీదుగా మా దగ్గరికి వచ్చాక, మేము దానిని మీ ఖాతాలో ఖర్చుగా రాసి, పాత హోల్డ్‌ను తీసివేస్తాం. దీనిని పోస్టింగ్ అంటారు. ఇందుకు చాలావరకు ఒకటి నుంచి మూడు పనిదినాలు పడుతుంది. శని, ఆదివారాలు, బ్యాంకు సెలవులు ఈ లెక్కలోకి రావు కాబట్టి శుక్రవారం సాయంత్రం పెట్టిన ఖర్చు మంగళవారం దాకా పెండింగ్‌లో ఉండటంలో వింత ఏమీ లేదు. పిన్ నొక్కి కొన్నప్పుడు మాత్రం అనుమతి, వసూలు చాలావరకు ఒకే సందేశంలో జరిగిపోతాయి. ఏటీఎంలో డబ్బు తీసినప్పుడూ అంతే. అందువల్ల అవి త్వరగా పోస్ట్ అవుతాయి.

అపోహ: పెండింగ్‌లో కనిపించిన మొత్తమే చివరికి పోతుంది.

ఒకే వారాంతంలో జరిగిన ఖర్చులను వరుసగా చూస్తే ఇది ఎందుకు నిజం కాదో తెలుస్తుంది. ఒక విద్యార్థి ఖాతాలో శుక్రవారం మధ్యాహ్నం 212.40 డాలర్లు ఉన్నాయనుకుందాం. యాప్‌లో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి ఖాతా నిల్వ, అంటే పోస్ట్ అయిన లావాదేవీల వరకు మిగిలినది. రెండవది అందుబాటు నిల్వ, అంటే అందులోంచి హోల్డులు తీసివేయగా మిగిలినది. ఆ సమయానికి రెండూ 212.40 డాలర్లే.

సాయంత్రం అతడు గ్యాస్ స్టేషన్‌లో పంపు దగ్గరే కార్డు పెట్టాడు. ఎంత ఇంధనం పోయించుకుంటాడో పంపుకు ముందుగా తెలియదు కాబట్టి అది ఒక అంచనా మొత్తానికి అనుమతి అడుగుతుంది. కొన్ని పంపులు కేవలం ఒక డాలరు అడుగుతాయి, కొన్ని పెద్ద మొత్తమే అడుగుతాయి. వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు 2022లో ఈ గరిష్ఠ పరిమితిని 125 డాలర్ల నుంచి 175 డాలర్లకు పెంచాయి. కొన్ని పంపుల మీద ఎంత హోల్డ్ చేస్తారో చెప్పే చిన్న స్టిక్కర్ ఉంటుంది, కానీ దానిని చదివేవారు అరుదు. మన ఉదాహరణలో పంపు 125 డాలర్లు అడిగింది. అందుబాటు నిల్వ 87.40కి పడిపోయింది. అతడు నిజంగా పోయించుకున్నది 38.60 డాలర్ల ఇంధనమే.

రాత్రి రెస్టారెంట్‌లో బిల్లు 46 డాలర్లు అయింది. బిల్లు మొత్తానికే అనుమతి తీసుకున్నారు. కార్డు తిరిగి ఇచ్చాక అతడు రసీదు మీద 9 డాలర్ల టిప్ రాసి సంతకం చేశాడు. టిప్ రాసే సమయానికి అనుమతి అప్పటికే అయిపోయింది కాబట్టి పెండింగ్‌లో 46 డాలర్లే కనిపిస్తుంది. అందుబాటు నిల్వ 41.40 డాలర్లు. శనివారం ఉదయం 52 డాలర్ల కిరాణా సరుకులకు కార్డు పెడితే తిరస్కరించారు. ఖాతా నిల్వ మాత్రం ఇంకా 212.40 అనే చూపిస్తోంది. మాకు ఫోన్ వచ్చేది సరిగ్గా ఇక్కడే.

సోమవారం రాత్రి ఇంధనం ఖర్చు 38.60 పోస్ట్ అయింది, 125 డాలర్ల హోల్డ్ తొలగింది. ఖాతా నిల్వ 173.80కి తగ్గింది. అందుబాటు నిల్వ మాత్రం 41.40 నుంచి 127.80కి పెరిగింది. ఒకే ఘడియలో ఒక అంకె తగ్గి మరొకటి పెరగడం చూసి, గ్యాస్ స్టేషన్ వారు 86.40 డాలర్లు తిరిగి ఇచ్చారని అతడు అనుకున్నాడు. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. 125కూ 38.60కూ మధ్య తేడా అదే. మంగళవారం రెస్టారెంట్ ఖర్చు టిప్‌తో కలిపి 55 డాలర్లుగా పోస్ట్ అయింది. చివరికి రెండు అంకెలూ 118.80 దగ్గర కలిశాయి.

ఇంధనం నింపడం పూర్తయ్యాక పంపు అసలు మొత్తాన్ని తెలియజేసే మరొక సందేశం పంపవచ్చు. అది వచ్చి, బ్యాంకు దానిని లెక్కలోకి తీసుకుంటే హోల్డ్ కొద్ది గంటల్లోనే 38.60కి తగ్గుతుంది. సందేశం రాకపోయినా, బ్యాంకు పట్టించుకోకపోయినా పైన చెప్పినట్టు పోస్టింగ్ వరకు ఆగవలసిందే. నిల్వ తక్కువగా ఉన్నవారికి నేను చెప్పే సలహా ఒక్కటే. లోపలికి వెళ్ళి క్యాషియర్‌కు ఎంత కావాలో చెప్పి, ఆ మొత్తానికే కార్డు పెట్టండి. అప్పుడు హోల్డ్ కూడా అంతవరకే ఉంటుంది.

అపోహ: పెండింగ్ మాయమైందంటే ఆ ఖర్చు రద్దయినట్టే.

నా దృష్టిలో అన్నింటికంటే ఖరీదైన అపోహ ఇదే. హోల్డ్‌కు ఒక గడువు ఉంటుంది. ఆ గడువు బ్యాంకును బట్టి, వ్యాపార రకాన్ని బట్టి మారుతుంది. మామూలు కొనుగోళ్ళకు కొద్ది రోజులు, హోటల్ గదులకు, అద్దె కార్లకు అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఆ గడువులోగా వసూలు సందేశం రాకపోతే హోల్డ్ దానంతట అదే తొలగిపోతుంది. దుకాణదారు అమ్మకాన్ని వదులుకున్నాడని దాని అర్థం కాదు.

ఆన్‌లైన్‌లో 64 డాలర్లకు ఒక వస్తువు ఆర్డర్ చేశారనుకోండి. విక్రేత అనుమతి తీసుకున్నాడు గానీ సరుకు లేక పంపడం ఆలస్యమైంది. వారం తరువాత పెండింగ్ మాయమై అందుబాటు నిల్వ 64 డాలర్లు పెరిగింది. ఆర్డర్ రద్దయిందనుకుని మీరు ఆ డబ్బును అద్దెలో కలిపి కట్టేశారు. రెండు రోజుల తరువాత సరుకు బయలుదేరింది, 64 డాలర్లు పోస్ట్ అయ్యాయి, ఖాతా సున్నా కంటే కిందికి పోయింది. విక్రేత మళ్ళీ కొత్తగా అనుమతి తీసుకుని ఉండవలసింది, కానీ అందరూ తీసుకోరు. మీరు కొన్నది నిజమే కాబట్టి ఆ ఖర్చును కాదనడం కష్టం. ఇలాంటి ఒక్కసారి కార్డు ఖర్చుల మీద ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము వసూలు చేయాలంటే ఖాతాదారు ముందుగా సమ్మతించి ఉండాలని అమెరికాలో 2010 నుంచి నిబంధన ఉంది. ఖాతా తెరిచేటప్పుడు ఆ కాగితం మీద ఏమి ఎంచుకున్నారో ఒకసారి చూసుకోండి.

వాపసు లావాదేవీ వేరే రకం. పోస్ట్ అయిన ఖర్చుకు దుకాణదారు డబ్బు తిరిగి ఇస్తే అది జమగా, దుకాణం పేరుతో, ఖాతాలో విడిగా ఒక వరుసలో కనిపిస్తుంది. అలాంటి వరుస లేకుండా అంకె మాత్రమే పెరిగితే, రద్దు చేసినట్టు దుకాణదారు నుంచి మీకు రాతపూర్వకంగా సమాచారం ఉంటే తప్ప, ఆ డబ్బును ముట్టుకోకపోవడమే మంచిది.

అపోహ: ఒకే దుకాణం రెండుసార్లు కనిపిస్తే రెండుసార్లు కోసేశారు.

కొన్నిసార్లు నిజంగానే కోస్తారు. ఎక్కువసార్లు మాత్రం హోల్డ్‌ను, పోస్ట్ అయిన ఖర్చును మా వ్యవస్థ జత చేయలేకపోవడమే కారణం. అనుమతిలోని గుర్తింపు సంఖ్య వసూలు సందేశంలో లేకపోయినా, ఒక ఆర్డర్‌ను రెండు పెట్టెలుగా పంపి రెండు ముక్కలుగా వసూలు చేసినా పాత హోల్డ్ అలాగే మిగిలిపోతుంది. రెండు వరుసల్లో ఒకటి పెండింగ్, ఒకటి పోస్టెడ్ అయితే కొద్ది రోజులు ఆగండి, పెండింగ్ తొలగిపోతుంది. రెండూ పోస్టెడ్ అయితే ఆగకండి, వెంటనే ఫోన్ చేయండి.

అపోహ: పెండింగ్‌లో ఉండగానే బ్యాంకు దానిని ఆపగలదు.

పోస్ట్ కాని లావాదేవీపై సాధారణంగా వివాదం నమోదు చేయలేం, ఎందుకంటే ఎంత వసూలు చేస్తారో, అసలు చేస్తారో లేదో అప్పటికి తేలదు. హోల్డ్‌ను ముందుగా విడుదల చేయాలంటే, ఆ మొత్తాన్ని వసూలు చేయబోమని దుకాణదారు మాకు తెలియజేయాలి. అందుకే మొదటి ఫోన్ దుకాణానికి చేయమంటాం. మీకు తెలియని దుకాణం పేరు పెండింగ్‌లో కనిపిస్తే మాత్రం దుకాణాన్ని వెతుక్కుంటూ కూర్చోకుండా ముందు మాకే ఫోన్ చేసి కార్డు మూయించండి. ఆ వరుస తరువాత పోస్ట్ అయితే అప్పుడు వివాదం నమోదు చేస్తాం. పోస్ట్ అయిన తప్పుడు లావాదేవీని అది కనిపించిన స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా బ్యాంకుకు తెలియజేయాలి. వీలైనంత త్వరగా చెబితే మీ బాధ్యత అంత తగ్గుతుంది.

సెలవుల్లో హైదరాబాద్ వెళ్ళి ఇక్కడి కార్డు వాడినప్పుడు పెండింగ్ మొత్తానికీ పోస్ట్ అయిన మొత్తానికీ కొద్ది సెంట్ల తేడా వస్తే దుకాణదారును అనుమానించకండి. రూపాయలను డాలర్లలోకి మార్చే రేటు అనుమతి నాటిది కాక, వసూలు సందేశం నెట్‌వర్క్ మీదుగా వచ్చిన నాటిది కావచ్చు. విదేశీ లావాదేవీ రుసుము ఉన్న కార్డు అయితే అది కూడా పోస్టింగ్ సమయంలోనే, ఒక్కోసారి వేరే వరుసగా, బయటపడుతుంది.