నాయన బండి నా పేరు మీదికి: కర్నూలులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

"నాయన బండి పోయింది సార్. ఇన్సూరెన్సు సెప్టెంబరు దాకా ఉండాది."

కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఒకబ్బాయి పాలసీ కాగితం నా టేబుల్ మీద పెట్టి అన్న మాట ఇది. కర్నూలులో వాహన ఇన్సూరెన్సు ఏజెంటుగా పని చేస్తూ, అడిగినవాళ్లకు ఆర్టీఓ కాగితాలు కూడా నింపి ఇస్తుంటాను. ఈ మాట నాకు కొత్త కాదు. వాళ్ల నాయన జనవరి 12న గుండెపోటుతో పోయాడు. బండి మే 20న రైల్వే స్టేషన్ బయట పోయింది. పోలీసు స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టించాడు, క్లెయిమ్ ఫారం ఇచ్చాడు. పాలసీలో బండి విలువ 38,000 రూపాయలు. మూడు వారాలకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: క్లెయిమ్ ఇవ్వలేము.

పాలసీ గడువు సెప్టెంబరు 30 దాకా ఉందన్నది నిజమే. కానీ ఈ ఇంటికి లెక్క సెప్టెంబరుతో కాదు, ఏప్రిల్ 12తో.

అపోహ: పాలసీ మీద ఎంత తేదీ ఉంటే అంతదాకా ఇన్సూరెన్సు ఉన్నట్టే.

సొంత బండి నష్టానికి కూడా వర్తించే ప్యాకేజీ పాలసీ వెనక చిన్న అక్షరాల్లో షరతులు ఉంటాయి. వాటిలో చివరి వైపు ఒకటి, పాలసీదారు చనిపోతే ఏమిటని చెబుతుంది. చనిపోయిన వెంటనే పాలసీ రద్దు కాదు. చనిపోయిన రోజు నుంచి మూడు నెలలు, లేదా పాలసీ గడువు ముగిసేదాకా, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అంతవరకే అది నడుస్తుంది. ఆ లోపల వారసుడు పాలసీని తన పేరుకు మార్చమనైనా అడగాలి, కొత్త పాలసీ అయినా తీసుకోవాలి. దరఖాస్తుతో మూడు ఇవ్వమంటారు: డెత్ సర్టిఫికెట్, బండి మీద తనకు హక్కుందని చూపే కాగితం, అసలు పాలసీ.

జనవరి 12కు మూడు నెలలు కలిపితే ఏప్రిల్ 12. బండి పోయింది మే 20న. మధ్యలో కంపెనీకి ఎవరూ ఒక్క ముక్క రాసివ్వలేదు. అబ్బాయి దగ్గర పాలసీ ఉంది గానీ, కంపెనీ ఒప్పందం చేసుకున్న మనిషి లేడు. ఆ మనిషి స్థానంలోకి ఇంకొకరు రాలేదు. అదే బండి మార్చి 20న పోయి ఉంటే ఆ కాగితాలతోనే గట్టిగా వాదించగలిగేవాళ్లం.

ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే పరిహారం సంగతి వేరు. అది ట్రిబ్యునల్లో తేలుతుంది. అక్కడ కంపెనీ ఒక వాదన, ఇంటివాళ్లు ఒక వాదన చేసుకుంటూ ఏళ్లు తిరగాల్సి రావచ్చు. దాన్ని నమ్ముకుని బండి తిప్పమని నేనెవరికీ చెప్పను.

అపోహ: ఆన్‌లైన్‌లో రెన్యువల్ అయింది కాబట్టి ఇబ్బంది లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఇది నిజంలాగే కనిపిస్తుంది. బండి నంబరు కొడతారు, నాయన పేరు వస్తుంది, డబ్బు కడతారు, రెండు నిమిషాల్లో పీడీఎఫ్ చేతికొస్తుంది. సెల్‌ఫోన్లో చూస్తే ఇన్సూరెన్సు ఉన్నట్టే ఉంటుంది. రోడ్డు మీద ఆపిన కానిస్టేబులూ చూసి వదిలేస్తాడు. ఓనరు బతికే ఉన్నాడా అని వెబ్‌సైటు అడగదు, కానిస్టేబులూ అడగడు. అడిగేది క్లెయిమ్ ఫైలు చూసే మనిషి. అప్పుడు డెత్ సర్టిఫికెట్ మీది తేదీ, పాలసీ మొదలైన తేదీ పక్కపక్కన పెడతాడు. చనిపోయిన మనిషి పేరు మీద, ఆయన పోయిన తర్వాత కొత్త ఒప్పందం ఎలా కుదిరిందని అడిగితే మన దగ్గర జవాబు లేదు.

ఇలా మూడేళ్లు కట్టిన ఇల్లు నాకు తెలుసు. మూడేళ్లూ ఏమీ కాలేదు గనక ప్రీమియం కట్టినట్టు కూడా గుర్తులేదు వాళ్లకు.

అపోహ: నాయన బతికుండగానే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టిచ్చాడు, వాటితో అయిపోతుంది.

29, 30 అనేవి అమ్మకానికి. అమ్మేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు ఉండాలి. మరణం తర్వాత బండి మారేది ఫారం 31 మీద. అందులో చనిపోయినవారి సంతకంతో పనే లేదు, వారసుడి సంతకం చాలు. ఉన్న సులువైన దారి వదిలేసి, పాత తేదీ వేసి, అమ్మినట్టు రాసి, ఇంట్లో ఎవరో ఒకరు సంతకం కలిపి పెట్టే పని చూస్తుంటాను. అది ఫోర్జరీ. పైగా రేపు అక్కాచెల్లెళ్లలో ఎవరైనా అభ్యంతరం చెబితే మొదట బయటపడేది ఆ తేదీయే.

ఫారం 31తో పాటు కావలసినవి: ఆర్సీ, డెత్ సర్టిఫికెట్, నడుస్తున్న ఇన్సూరెన్సు, వారసుడి ఆధార్, వారసులెవరో చూపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు 'మాకు అభ్యంతరం లేదు' అని నోటరీ దగ్గర రాసిచ్చే అఫిడవిట్. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తహసీల్దారు ఇస్తారు. దరఖాస్తు సచివాలయంలో ఇవ్వవచ్చు. బండి మీద అప్పుంటే ఫైనాన్స్ కంపెనీ సమ్మతి కూడా ఆ ఫారంలోనే ఉండాలి.

అపోహ: పాలసీలో నామినీ ఎవరో బండి వాళ్లదే.

పాలసీలో నామినీ పేరు రాసేది ఓనరుకు ప్రమాదంలో ఏదైనా జరిగితే వచ్చే డబ్బు కోసం. దానికీ బండి యాజమాన్యానికీ సంబంధం లేదు. ఆర్సీలో నామినీని పెట్టుకునే వీలు 2021లో వచ్చింది. అది పెట్టి ఉంటే ఆర్టీఓలో పని చాలా తేలిక. పాత ఏపీ 21 నంబర్ల బండ్లలో అది ఉన్నవి నేను చూడనే లేదు.

ఒకవేళ ఓనరు ఆ బండి మీదే ప్రమాదంలో పోయి ఉంటే, నామినీ ముందుగా ఆ పర్సనల్ యాక్సిడెంట్ క్లెయిమ్ ఇవ్వాలి. చాలా పాలసీల్లో ఇది 15 లక్షలు. ఇంట్లో దినాలు జరుగుతుంటే ఈ మాట ఎలా ఎత్తాలో తెలియక ఏజెంట్లు కూడా ఊరుకుంటారు. నేను ఎత్తుతాను.

అపోహ: అమ్మ పేరు మీద పెడితే మంచిది, తర్వాత చూసుకోవచ్చు.

అమ్మకు లైసెన్సు లేకపోయినా ఆర్సీ ఆమె పేరున వస్తుంది, చట్టం అడ్డు చెప్పదు. చిక్కు ఆ 15 లక్షల దగ్గర వస్తుంది. ఆ కవరు 'ఓనర్-డ్రైవర్'కు మాత్రమే. అంటే మూడూ ఒకే మనిషి అయి ఉండాలి: ఆర్సీలో పేరు, పాలసీలో పేరు, చేతిలో చెల్లే లైసెన్సు. అమ్మ పేరున ఆర్సీ ఉండి, రోజూ కొడుకు నడుపుతుంటే, కొడుకు ప్రమాదంలో పోయినా ఆ 15 లక్షలు రావు. అమ్మకు లైసెన్సు లేదు గనక ఆమెకూ ఆ కవరు వర్తించదు. అందుకే అమ్మకు అభ్యంతరం లేకపోతే నడిపేవాడి పేరునే పెట్టమంటాను. "బండి కూడా రాయించుకున్నాడు అనుకుంటారు సార్" అని ఒకాయన సంకోచించాడు. అమ్మ చేత అఫిడవిట్ రాయించి, చెల్లెలి చేత కూడా సంతకం పెట్టించాక ఆ మాట ఎవరూ అనలేదు.

అపోహ: పేరు మారితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది.

క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు ఇది. అమ్మితే కొన్నవాడికి రాదు, ఎందుకంటే అది బండిది కాదు, మనిషిది. మరణం దీనికి మినహాయింపు. బండి భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో వస్తే బోనస్ కూడా వాళ్లకే వస్తుంది. సొంత నష్టం ప్రీమియం 9,000 ఉన్న కారుకు 50 శాతం బోనస్ అంటే 4,500. పాలసీలో పేరు మార్చే ఎండార్స్‌మెంట్ చేసేటప్పుడు కౌంటర్లో ఎవరైనా "బోనస్ తేడా కట్టండి" అంటే, అది అమ్మకానికి వర్తించే మాట, ఇది వారసత్వం అని చెప్పండి.

ఇక పని సరిగ్గా జరిగిన ఒక ఇంటి లెక్క చెబుతాను. కల్లూరులో ఒక రిటైర్డు ఉద్యోగి మార్చి 3న పోయారు. కారు ఆయన పేరునే ఉంది. కొడుకు మార్చి 20కి డెత్ సర్టిఫికెట్ తీసుకున్నాడు. మార్చి 25న ఆర్టీఓకు ఒక పేజీ ఉత్తరం ఇచ్చాడు: ఫలానా నంబరు బండి ఓనరైన మా నాయన ఫలానా తేదీన చనిపోయారు, నేను వారసుణ్ణి, బండి నేను వాడుకోదలిచాను. కింద సంతకం, ఫోన్ నంబరు. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాడు.

ఈ ఉత్తరం ఎవరూ ఇవ్వరు. కానీ మోటారు వాహనాల నిబంధన 56 చెప్పేది ఇదే. చనిపోయిన 30 రోజుల్లోపు ఇలా తెలియజేస్తేనే, మూడు నెలల పాటు వారసుడు ఆ బండిని తనదిగా నడపవచ్చు. ఆ మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టాలి. ఆయన విషయంలో 30 రోజులు ఏప్రిల్ 2తో, మూడు నెలలు జూన్ 3తో పూర్తవుతాయి. అదే మార్చి 25న, అదే ఉత్తరం పైన చిరునామా మార్చి ఇన్సూరెన్సు కంపెనీకీ ఇప్పించాను.

ఇక్కడ అందరూ తికమకపడేది ఒకటుంది. ఆర్టీఓ నడుస్తున్న ఇన్సూరెన్సు అడుగుతారు, కంపెనీ హక్కు కాగితం అడుగుతుంది. ఏది ముందు? నాయన పేరున ఉన్న పాలసీ మూడు నెలలు చెల్లుతుంది గనక దానితోనే ఆర్టీఓ పని ముందు చేయాలి. కొత్త ఆర్సీ వచ్చాక దాన్ని కంపెనీకిచ్చి పాలసీ మార్పించాలి. బళ్లారిలో ఉన్న చెల్లెలి సంతకం కోసం రెండు వారాలు పోయాయి. ఏప్రిల్ 28న parivahan.gov.in లో దరఖాస్తు పెట్టి అసలు కాగితాలు ఆఫీసులో చూపించారు. బదిలీ రుసుము కారుకు 300, బైకుకు 150. కార్డు, సర్వీసు చార్జీలు వేరే. కొత్త ఆర్సీ చేతికొచ్చాక మే 25కు పాలసీ కొడుకు పేరుకు మారింది, బోనస్ అలాగే ఉంది. ఆర్సీ ఆలస్యమయ్యేలా ఉంటే జూన్ 3 దాకా ఆగకుండా, ఆర్టీఓ రసీదు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో కంపెనీకి దరఖాస్తు ముందే ఇచ్చేవాళ్లం. గడువు లోపల అడిగినట్టు కాగితం ఉండడమే ముఖ్యం.

మూడు నెలలు దాటితే ఆర్టీఓలో పేరు మారదా అంటే, మారుతుంది. ఆలస్యానికి డబ్బు కట్టి, నాలుగు సార్లు తిరగాలి. కోడుమూరు అబ్బాయి లాంటివాళ్లకు మధ్యలో పోయిన కవరు మాత్రం వెనక్కి రాదు.

ఇంకొకటి, చాలా చిన్నది. ఆన్‌లైన్ దరఖాస్తు తెరవగానే బండి నంబరు, చాసిస్ నంబరు చివరి ఐదు అక్షరాలు అడిగి, బండికి నమోదైన సెల్ నంబరుకు ఓటీపీ పంపిస్తుంది. ఆ నంబరు నాయనదే అయి ఉంటుంది. ఆ సిమ్ పక్కన పడేసి, రీచార్జి ఆపేసి, నంబరు కంపెనీ ఇంకెవరికో ఇచ్చేశాక వచ్చేవాళ్లకు ముందు సెల్ నంబరు మార్పు కోసమే ఒక పూట పోతుంది. పేరు మారేదాకా ఆ సిమ్ ఏదో ఒక పాత ఫోన్లో వేసి ఉంచండి.